తరగని రూపాయి వడ్డీ

లారీ తోలిన రోజుల్లో నేను భయపడినవి చాలా తక్కువ. బ్రేకు పడకపోతే చెట్టు చూసుకునేవాణ్ణి. పోలీసు ఆపితే రెండు కొబ్బరికాయలు చూసుకునేవాణ్ణి. మా ఇంటిది కోపంగా ఉంటే బండి కింద దూరి ఏదో బోల్టు బిగిస్తున్నట్టు పడుకునేవాణ్ణి. అలాంటి నేను చేతిలో తోలుసంచీ, కాళ్ళకు బూట్లు ఉన్న మనిషి కనిపిస్తే చాలు కంచె దూకి పారిపోయే స్థితికి వచ్చాను. అదంతా ఐదేసి రూపాయల వల్ల వచ్చింది.

ఇది అరవైల చివరి మాట. కవిటి తోటల్లో కొబ్బరికాయ దింపి, బళ్ళ మీద సోంపేట చేర్చి, అక్కడ ఇంకొకడి లారీ కోసం ఎదురుచూస్తూ కూర్చునే రోజులు. నేను అప్పటికి పదేళ్ళుగా పలాస జీడిపప్పు షావుకార్ల లారీలు తోలుతున్నాను. ఐదో తరగతిలో లెక్కల మేష్టారు నన్ను బయట నిలబెడితే అటునుంచి అటే వచ్చేశాను. లోపలికి రమ్మని ఆయన పిలిచాడో లేదో ఇప్పటికీ తెలియదు. మా అక్క మొగుడు కవిటిలో కొబ్బరి వ్యాపారం చేసేవాడు. ఒకరినొకరం బావా అనే పిలుచుకునేవాళ్ళం. మా ఇద్దరిలో లెక్కల మనిషి అతనే. నూరు కాయలకు ఎన్ని కొసరు, ఎన్ని కుళ్ళు అన్నది చెట్టు మీద ఉండగానే చెప్పగలడు.

సొంత లారీ కొందామన్నది అతని ఆలోచనే. విశాఖపట్నంలో ఒక పాత డీజిలు లారీ పదహారు వేలకు వచ్చింది. మా అక్క గాజులు, మా ఇంటిదాని గొలుసు, బావ తోట మీద వచ్చిన రాబడి అన్నీ కలిపితే నాలుగు వేలయింది. మిగిలిన పన్నెండు వేలకు రెండు దారులు కనిపించాయి. ఒకటి సోంపేట షావుకారు. నూటికి నెలకు రూపాయిన్నర వడ్డీ. రెండోది విశాఖపట్నంలో బళ్ళకు అప్పులిచ్చే కంపెనీ. వాళ్ళది నూటికి రూపాయే. రెండేళ్ళలో నెల నెలా కట్టి తీర్చాలి.

"రూపాయెక్కడ, రూపాయిన్నరెక్కడ బావా. షావుకారి దగ్గిరికి ఎల్తే అర్ధరూపాయి మన ఈపు మీద కొట్టుకున్నట్టే" అన్నాడు బావ.

నాకూ అదే సబబనిపించింది. అనిపించకపోతే మాత్రం ఏం చేసేవాణ్ణి, అతను చెట్టు మీద కాయ లెక్కపెట్టే మనిషి. కంపెనీలో ఇంగ్లీషు అచ్చు కాగితాలు ఒక కట్ట పెట్టి సంతకాలు చెయ్యమన్నారు. నా సంతకం ఎండ్రకాయ ఇసుకలో నడిచినట్టుంటుంది. అది అన్ని కాగితాల మీదా నడిచింది. బావ జామీను సంతకం పెట్టాడు. నెలకు ఆరువందల ఇరవై చొప్పున ఇరవై నాలుగు నెలలు టెక్కలిలో వాళ్ళ ఏజెంటుకు కట్టమన్నారు. లారీ కంపెనీదే, ఆఖరి నెల కంతు కట్టేదాకా మేము అద్దెకు తిప్పుకుంటున్నట్టు లెక్క అన్నారు. బండి తాళం నా చేతిలో ఉంది కాబట్టి ఆ మాట నా చెవిలో ఒక పక్కనుంచి వచ్చి ఇంకో పక్కనుంచి పోయింది.

మొదటి నెల ఆరువందల ఇరవై కట్టాం. రెండో నెల బావ నాకు ఆరువందల పదిహేను లెక్కపెట్టి ఇచ్చాడు.

"ఐదు తక్కువుంది బావా."

"తక్కువ కాదు, సరిగ్గుంది. కిందటి నెల ఐదొందలు అసలు కట్టినామా? మరి పన్నెండు వేల మీద వడ్డీ ఎందుకిత్తాం? పదకొండు వేల ఐదొందల మీద నూట పదిహేను. అసలు ఐదొందలు. కూడుకో."

మా ఉద్దానం ఊళ్ళలో లోకమంతా అలాగే నడిచేది. అప్పులో కొంత తెచ్చి ఇస్తే షావుకారు నోటు వెనక చెల్లు రాస్తాడు. ఆ రోజునుంచి ఆ కొంతకు వడ్డీ ఆగిపోతుంది. మిగిలిన దాని మీదే నడుస్తుంది. వడ్డీ అంటే ఇంకో రకం ఉంటుందని మా తాతలకు తెలియదు, మాకూ తెలియదు. ఆవు పాలు తెల్లగా ఉంటాయా అని ఎవడైనా అడుగుతాడా.

టెక్కలి ఏజెంటు బజారులో ఒక మేడ మీద కూర్చునేవాడు. మనిషి నెమ్మది. ఆయన పని డబ్బు తీసుకుని రసీదు కోసి విశాఖపట్నం పంపడం, అంతవరకే. ఆరువందల పదిహేను లెక్కపెట్టి, "ఐదు తగ్గిందయ్యా" అన్నాడు.

"వడ్డీ తగ్గింది గదా బాబూ" అన్నాడు బావ.

నేనూ ఊరుకోకుండా, "మా బావకి ఒళ్ళు తగ్గదు గాని వడ్డీ తగ్గిపోతాది బాబూ" అన్నాను. ఏజెంటు నవ్వాడు. వచ్చే నెల కలిపి కడతారనుకున్నాడట. ఇచ్చినంతకు రసీదు రాశాడు. రసీదు చేతిలో పడ్డాక మా లెక్క వాళ్ళు ఒప్పుకున్నట్టే అనుకున్నాం.

మూడో నెల ఆరువందల పది. నాలుగో నెల ఆరువందల ఐదు. ప్రతి నెలా ఐదు రూపాయలు తగ్గుతుంటే ఎంత సుఖంగా ఉండేదో చెప్పలేను. దిగుడు దారిలో బండి వదిలేసినట్టు ఉండేది. కంపెనీ వాళ్ళు మధ్యలో ఏవో ఇంగ్లీషు ఉత్తరాలు పంపారు. మా వీధిలో చదివేవాళ్ళు లేరు. మర్యాదకు రాసి ఉంటారనుకుని వాటిని చూరులో దోపాం. అలా పదిహేడో నెల వచ్చింది. ఐదువందల నలభై పట్టుకుని ఇద్దరం మేడ ఎక్కాం.

ఆ రోజు ఏజెంటు నవ్వలేదు. డబ్బు తీసుకున్నాడు, రసీదు కోశాడు, తలుపు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు.

"చూడండయ్యా, ఈ నెల కూడా మీరిలా తక్కువే తెస్తే బండి లాగేయమని విశాఖపట్నం నుంచి కబురొచ్చింది. సోమవారం ఇద్దరు మనుషులు బయల్దేరతారు. చెప్పకూడదు, చెబుతున్నాను."

నాకు ముందు అర్థం కాలేదు. వేరే ఎవరి బండి గురించో చెబుతున్నాడనుకున్నాను.

"ఎందుకు బాబూ? ఒక్క నెల తప్పలేదు" అన్నాడు బావ.

"నెల తప్పలేదు. డబ్బు తప్పింది. పదిహేడు నెలల్లో ఆరువందల ఎనభై బాకీ పడ్డారు. ఒక కంతుకు మించి బాకీ పడితే బండి లాక్కునే హక్కు కంపెనీకి ఉంది. మీరు సంతకం పెట్టిన కాగితంలోనే ఉంది."

"వడ్డీ తగ్గింది గదా."

"ఈ వడ్డీ తగ్గదు" అన్నాడు ఏజెంటు. "పన్నెండు వేలకు నెలకు నూట ఇరవై. ఇరవై నాలుగు నెలలకు రెండు వేల ఎనిమిది వందల ఎనభై. మొదటి రోజే అసలుకు కలిపేసి, ఇరవై నాలుగు భాగాలు చేశారు. మీరు ఎంత తీర్చినా వడ్డీ పన్నెండు వేల మీదే."

బావ కాసేపు గోడ వైపు చూస్తూ పెదవులు కదిపాడు. తరవాత నెమ్మదిగా అడిగాడు.

"అంటే ఆకరి నెల మా దగ్గిర కంపెనీ డబ్బు ఐదొందలే ఉంటాది. ఆ ఐదొందలకీ నూట ఇరవయ్యేనా?"

"అంతే."

"లోడు దించేసినాక కాళీ బండికి కూడా లోడంతటికీ కూలి అడిగినట్టుంది బాబూ" అన్నాను నేను. ఎప్పుడూ నా మాటకు నవ్వే మనిషి ఆ రోజు కాగితాలు సర్దుకున్నాడు. అప్పుడు భయం వేసింది నాకు.

"బండి లాగేత్తే మేం కట్టినదంతా?" అడిగాడు బావ.

"అద్దె కింద పోతుంది."

నాలుగు వేలు, పదిహేడు నెలల డబ్బు, అక్క గాజులు, మా ఇంటిదాని గొలుసు. అన్నీ ఆ ఒక్క మాటలో పోయాయి. ఇప్పుడే మొత్తం తీర్చేస్తే ఎంత తగ్గిస్తారని బావ అడిగాడు. ముందు కట్టినా వడ్డీ తగ్గించరు, మిగిలిన ఐదు వేల ఇరవై పూర్తిగా కట్టాలి అన్నాడు ఏజెంటు. మా లెక్కలో అసలు మిగిలింది మూడు వేల ఐదువందలే.

టెక్కలి నుంచి కవిటి దాకా నేను అద్దంలో చూసుకుంటూనే తోలాను. వెనక ఏ కారు వచ్చినా మాకోసమే అనిపించింది. అది దాటి పోగానే బావ మొహం చూసేవాణ్ణి. అతను ఏదో లెక్క మళ్ళీ మళ్ళీ వేసుకుంటున్నాడు, అది ప్రతిసారీ ఒకే చోట ఆగుతోంది.

లారీని తోట లోపలికి, జీడిచెట్ల మధ్యకు తోలి పెట్టాం. పైన కొబ్బరి మట్టలు కప్పాం. దూరం నుంచి చూస్తే మట్టల గుట్టలా ఉంది, దగ్గరికి వస్తే మట్టలు కప్పిన లారీలా ఉంది. సోమవారం వచ్చింది, పోయింది. మంగళవారం పొద్దున్న తెల్ల చొక్కా, బూట్లు, చంకలో నల్ల సంచీతో ఒకాయన సైకిలు దిగి మా ఇల్లు ఎక్కడని అడిగాడట. ఆ మాట వినగానే నేను దొడ్డి కంచె దూకి జీడితోటలో పడ్డాను. మోకాలు చీరుకుపోయింది. ఒక చెట్టు వెనక చేరి కూర్చున్నాను. తీరా ఆయన బాప్టిస్టు సంఘం పాదిరిగారు. ప్రార్థన మందిరానికి తాటిదూలాలు తేవాలి, లారీ బాడుగకు మాట్లాడదామని వచ్చారు. బాడుగ ఇంటికి వచ్చి అడుగుతుంటే నేను చెట్టు వెనక ఉన్నాను.

ఆ సాయంత్రం మా ఇంటిది అన్నం పెడుతూ అంది.

"మట్టల కింద దాసిన బండికి బాడుగెవుడిత్తాడు? బాడుగ లేందే వచ్చే నెల కంతు ఏటితో కడతావు? ఆళ్ళు లాక్కుపోనక్కర్నేదు, మనమే లాగేసుకున్నాం."

"రేపు షావుకారి కాడికి ఎల్తాం. ఐదు వేల ఇరవై తెచ్చి కంపెనీ మొకాన కొట్టేద్దాం. పీడ ఒదిలిపోతాది" అన్నాడు బావ. మూడు రోజులుగా అతను సరిగ్గా అన్నం తినలేదు. కోపంతో కాదు, భయంతోనే అంటున్నాడని తెలుస్తూనే ఉంది.

మా ఇంటిది ఒకప్పుడు పలాస పప్పు బట్టీలో జీడిగింజలు కొట్టేది. దెబ్బ ఎక్కడ వేస్తే పప్పు ముక్కవదో తెలిసిన చెయ్యి.

"అన్నయ్యా, ముందు కట్టినా ఆళ్ళు వడ్డీ తగ్గించరన్నావు గదా. ఇంకా ఏడు నెల్లకి కట్టాల్సిన వడ్డీ ఇప్పుడే కట్టేసి, ఆ కట్టిందానికి షావుకారికి మళ్ళీ వడ్డీ కడతారేటి?"

బావ ముద్ద పళ్ళెంలోనే పెట్టి లేచిపోయాడు. గుమ్మం దగ్గర నిలబడి వేళ్ళు మడిచి లెక్క వేసుకున్నాడు. వెనక్కి వచ్చి, "పాత బాకీ ఆరొందల ఎనబయ్యే తెద్దాం" అన్నాడు.

మర్నాడు సోంపేట షావుకారు మమ్మల్ని అరుగు మీద కూర్చోనివ్వకుండానే మొదలుపెట్టాడు.

"రండి రండి. నా రూపాయిన్నర సేదన్నారు, పట్నపోళ్ళ రూపాయి తీపన్నారు. ఇప్పుడేటి, నోరు కడుక్కోడానికొచ్చినారా?"

జరిగింది నేను చెప్పాను. షావుకారు నవ్వడం మానేసి వేళ్ళ మీద ఏదో లెక్క వేశాడు.

"నా కాడ తీసుకుని నెలకి ఐదొందల సొప్పున సెల్లు రాయించుకునుంటే రెండేళ్ళకీ నాకొచ్చేది రెండు వేల రెండొందల ఏబై. ఆళ్ళకి మీరు కడతన్నది రెండు వేల ఎనిమిదొందల ఎనబై. తక్కువ వడ్డీకి పోయి ఆరొందల ముప్పై ఎక్కువ కడతన్నారు."

అదే రూపాయి వడ్డీ, మిగిలిన అసలు మీద మాత్రమే వేస్తే, రెండేళ్ళకూ మేము కట్టాల్సిన వడ్డీ పదిహేను వందలు. చాలా ఏళ్ళ తరవాత ఒక బ్యాంకు ఉద్యోగి ఇదంతా విని కాగితం మీద లెక్క వేసి చెప్పాడు: వాళ్ళు రూపాయి అన్నది మా పద్ధతిలో చూస్తే రూపాయి ఎనభై పైసల దగ్గర ఉంటుందట, ఏడాదికి ఇరవై ఒకటి పైచిలుకు. ఆ రోజు మాకు అంత కొలత అక్కర్లేకపోయింది. షావుకారు నోటు రాయించుకుని ఆరువందల ఎనభై ఇచ్చాడు. నెలకు పది రూపాయల ఇరవై పైసలు వడ్డీ. తీర్చినకొద్దీ తగ్గుతుంది. ఎందుకైనా మంచిదని ఆ మాట నేను ఆయన చేత రెండుసార్లు అనిపించాను.

మట్టలు తీసేసి, దింపి ఉంచిన కాయ లారీకెత్తి, పట్టపగలే బయల్దేరాం. డబ్బు నా నడుముకు గుడ్డలో కట్టి ఉంది. కంచిలి దాటాం. హరిపురం దాటాం. ప్రతి ఊరి మొదట్లోనూ కాలు ఎక్సిలేటరు మీద బిగుసుకుపోయేది. కాశీబుగ్గ రైలు గేటు దగ్గరికి వచ్చేసరికి గేటు పడింది. ముందు ఎడ్లబళ్ళు, వెనక బస్సు. కదలడానికి లేదు.

పక్క టీకొట్టులోంచి ఇద్దరు లేచి వచ్చారు. ఒకడు బండి నంబరు చూసి చేతిలో కాగితం చూసుకున్నాడు. రెండోవాడు నా వైపు తలుపు తీసి, ఎంతో మర్యాదగా, "దిగు నాయనా" అన్నాడు. బూట్లు ఉన్నాయి.

వేళాకోళం ఆడటానికి నాలుక వెతుక్కుంటే నాలుకే దొరకలేదు. బావ మాత్రం చేతులు జోడించాడు.

"బాకీ డబ్బు తెచ్చినాం బాబూ. ఏజెంటు కాడికే ఎల్తన్నాం."

"డబ్బు తీసుకోవడం మా పని కాదు. బండి తీసుకోవడం మా పని."

"ఆ పని టెక్కల్లో సేసుకోండి. దారిదే గదా. మీరూ ఎక్కండి" అన్నాడు బావ.

వాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. రైలు వెళ్ళిపోయింది, వెనక బస్సువాడు హారను మీద చెయ్యి తియ్యడం లేదు. ఇద్దరూ ఎక్కారు. ఒకడు నా పక్కనే కూర్చుని తాళం మీద రెండు వేళ్ళు వేసి ఉంచాడు. అంత దూరమూ ఆ వేళ్ళు అక్కడే ఉన్నాయి. మేము ఏ సందులోకైనా తిప్పితే అప్పుడే తాళం లాగేస్తాడని తెలుసు. తిన్నగా వెళ్ళినా ఏజెంటు లేడంటే లాగేస్తాడు. ఆయన ఊరెళ్ళి ఉంటే, భోజనానికి పోయి ఉంటే, ఆయనకూ డబ్బు తీసుకోవద్దని కబురొచ్చి ఉంటే. నేను గేరు మారుస్తున్నప్పుడల్లా ఆ మనిషి మోచెయ్యి నాకు తగులుతోంది. "బండి బాగానే ఉంచావయ్యా" అన్నాడు ఒకసారి. కసాయివాడు మేకను నిమిరినట్టనిపించింది.

ఏజెంటు ఉన్నాడు. డబ్బు రెండుసార్లు లెక్కపెట్టాడు. "ఆలస్యం రుసుం, వీళ్ళ ఇద్దరి రానుపోను బత్తా, మొత్తం నలభై" అన్నాడు. మా దగ్గర తొమ్మిది రూపాయలున్నాయి. తాళం అప్పటికే ఆ ఇద్దరిలో ఒకడి జేబులోకి పోయింది. బావ మెట్లు దిగి, లారీ మీది కాయలు కొన్ని కుప్పగా దించి, బజారులో వచ్చినంతకు అమ్మాడు. కాయ కాయకూ బేరమాడే మనిషి, ఎంతిస్తే అంతకి ఇచ్చేశాడు. పైన కిటికీ దగ్గర నిలబడి నేను, ఆ ఇద్దరిలో ఎవడైనా మనసు మార్చుకుని కిందికి పోయి బండెక్కుతాడేమోనని వాళ్ళ కాళ్ళ వైపే చూస్తూ ఉన్నాను. బావ ముప్పై ఒక్క రూపాయి తెచ్చి బల్ల మీద పెట్టాక ఏజెంటు రసీదు రాశాడు. జేబులో పెట్టుకున్నవాడు తాళం తీసి నా చేతికివ్వలేదు, బల్ల మీద పెట్టాడు.

కిందికి వచ్చి లారీ ఎక్కాను. క్లచ్చి మీద కాలు ఆగకుండా వణుకుతోంది. బావకు బండి తోలడం రాదు. కాబట్టి ఇద్దరం బజారు మధ్య అలాగే కూర్చున్నాం. సోడాబండివాడు వచ్చి అడ్డంగా పెట్టారని తిట్టిపోయాడు.

వాడు పోయాక బావ అడిగాడు.

"వచ్చే నెల ఎంత?"

"ఆరొందల ఇరవై."

"ఆ పై నెల?"

"ఆరొందల ఇరవై."

అతను తల ఊపి, వెనక కిటికీలోంచి కాయల వైపు చూస్తూ ఎన్ని మిగిలాయో లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. మధ్యలో తప్పాడు. మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టాడు.